ఎడమ పేజీకి పెట్టని చుక్క

నాకు పొగరు ఎక్కువని మా విభాగంలో అందరూ అంటారు. నిజమే. కార్వేటినగరంలో పుట్టి, ప్రాథమిక పాఠశాల పంతులు ఇంట్లో పెరిగి, తిరుపతిలో స్టాటిస్టిక్స్ చెప్పే ఉద్యోగం సంపాదించుకున్న ఆడదానికి ఆ మాత్రం పొగరు లేకపోతే ఎట్లా? పాఠం చెప్పడం సంగతి పిల్లలు చెప్పాలి. పేపర్లు దిద్దడంలో మాత్రం నా అంతటిదాన్ని నేనే అని ఎవరూ అడక్కుండానే చెప్పుకునేదాన్ని.

దిద్దడం నాకు మా నాయన నేర్పించాడు. పలక మీద కాదు, ఆయన తెచ్చుకునే పరీక్ష కాగితాల మీద. పక్కన కూచోబెట్టుకుని రైటు కొట్టడం చూపించేవాడు. పేజీ మొత్తం చదివాక కింద మూలన చిన్న చుక్క పెట్టేవాడు. ఆ చుక్క ఎందుకని అడిగితే, "నా కన్ను ఈ పేజీ మింద పోయిందని గుర్తుమ్మా. సుక్క లేకుంటే నేను సూడలేదని. బిడ్డ రాసింది సూడకుండా మార్కు ఏస్తే అది దొంగతనం" అన్నాడు. ఆ మాట నాలో ఎట్లా ఇంకిపోయిందంటే, ఇన్నేళ్లుగా నేను దిద్దిన ప్రతి పేజీ కింద చుక్క ఉంటుంది. క్లాసులో పెట్టే చిన్న పరీక్షల్లోనూ అంతే. పిల్లలు నన్ను వెనకాల చుక్కల మేడమ్ అంటారని తెలుసు. వినీ విననట్టు పోతుంటాను కానీ లోపల సంతోషమే.

పాఠాలు కాకుండా నాకు మరో పని కూడా ఉంది. మా విశ్వవిద్యాలయంలో చదివే విదేశీ విద్యార్థులకు సలహాదారుని. వాళ్లు రేణిగుంటలో విమానం దిగినప్పుడు కారు పంపించడం, హాస్టల్ గది ఇప్పించడం, పోలీసుల దగ్గర పేరు నమోదు చేయించడం, ఏడాదికి రెండుసార్లు వాళ్ల ప్రభుత్వాలకు చదువు నివేదిక పంపడం ఆ పనిలో భాగం. అట్లా వచ్చినవాళ్లలో టాంజానియా అమ్మాయి ఒకతె. ఎమ్మెస్సీలో మా విభాగంలోనే చేరింది. మొదటి నెల ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత హాస్టల్ మెస్సులో చపాతీలు కాల్చే అక్కతో స్నేహం కుదిరింది. ఆ అక్క దగ్గర నేర్చుకున్న తెలుగు ఎట్లాంటిదంటే, ఒకరోజు ప్రయోగశాలకు ఆలస్యంగా వచ్చి, "బస్సు యాడనో నిలిచిపోయింది మేడమ్, నేనేం జేసేది" అంది. క్లాసంతా బల్లలు చరిచింది. అచ్చం మా చిత్తూరు యాసే.

రెండో సెమిస్టర్ ఫలితాలు ఎండాకాలంలో వచ్చాయి. ఆ రోజు శ్రీహరికోట నుంచి రాకెట్ పోతోందని, పొగ గీత కనిపిస్తుందని పిల్లలందరూ మేడ ఎక్కారు. ఆ అమ్మాయి మాత్రం నా గది ముందు నిలబడి ఉంది. ఒక పేపర్లో తప్పింది. ప్రయోగ రూపకల్పన అనే పేపరు. పొలంలో మళ్లు ఎట్లా విడదీసి ఎరువు వేసి చూడాలి, వచ్చిన దిగుబడులను ఎట్లా లెక్కగట్టాలి అని చెప్పే పేపరు అది. డెబ్బైకి ఇరవై ఎనిమిది వస్తే పాస్. ఆ అమ్మాయికి ఇరవై నాలుగు వచ్చాయి. ఆ పాఠం చెప్పింది నేను కాదు, మా సహోద్యోగి. మంచిగా చదివే పిల్ల అని ఆయనే నాతో ఎన్నోసార్లు అన్నాడు.

వాళ్ల ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్ మీద చదువుతోంది ఆ అమ్మాయి. ఒక్క పేపరు తప్పినా రెండో ఏడాదికి స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. సప్లిమెంటరీ పరీక్ష రాద్దామన్నా ఆరు నెలలు ఆగాలి. ఆ లోపల నేనే ఆమె తప్పిందని నివేదిక పంపాలి. పంపితే ఆమె విమానం ఎక్కి తిరిగి పోవడమే.

"మార్కులు యాడికి పోయినాయి మేడమ్? నేను రాసినాను" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు సులువుగా ఉండేది.

చేయాల్సింది చెప్పాను. ముందు జవాబు పత్రం నకలు కోసం పరీక్షల విభాగంలో దరఖాస్తు పెట్టాలి. నకలు చూసుకుని, కూడికలో తప్పు ఉంటే తిరిగి లెక్కించమని అడగొచ్చు, దిద్దడంలో తప్పు ఉంటే పునర్మూల్యాంకనం అడగొచ్చు. ఫలితాలు వచ్చిన పదిహేను రోజుల్లోపల ఇదంతా జరిగిపోవాలి. నకలు వచ్చాక తీసుకురా, ఇద్దరం చూద్దాం అన్నాను. చెబుతూ చెబుతూ, ఏ దద్దమ్మ దిద్దిందో అని మనసులో తిట్టుకున్నాను. పైకి కూడా కొంచెం అన్నాననుకుంటాను.

నాలుగు రోజుల తర్వాత నకలు తెచ్చింది. పైన విద్యార్థి నంబరు ఉండే ముక్కను ముందే చించేస్తారు, బార్ కోడ్ మాత్రమే మిగులుతుంది. దిద్దేవాళ్లకు ఎవరి పేపరో తెలియదు, రాసినవాళ్లకు ఎవరు దిద్దారో తెలియదు. నేను కళ్లద్దాలు పెట్టుకుని మొదటి పేజీ తిప్పాను. నకలులో ఎర్ర సిరా నల్లగా పడింది. కుడి పేజీ కింద మూలన ఒక చుక్క ఉంది.

దద్దమ్మ నేనే.

గురివింద గింజ సామెత మా నాయన ఎన్నిసార్లు చెప్పాడో. తన కింద ఉన్న నలుపు తనకు కనపడదు మరి.

మొహంలో ఏమీ కనపడనీయకుండా పేజీలు తిప్పాను. లెక్కలున్న ప్రశ్నలు మూడు. మూడింటికీ కుడి పేజీలో చివరి పట్టిక, కింద రెండు వాక్యాల్లో ఫలితం శుభ్రంగా రాసి ఉన్నాయి. పక్కన నా చేతి రాత, ఇంగ్లీషులో, స్టెప్స్ అని రాసి ప్రశ్నార్థకం. పద్నాలుగుకు నాలుగు, నాలుగు, మూడు. మా దగ్గర మెట్లు, అంటే లెక్క చేసిన వరుస, లేని జవాబు అంటే ముందు కూచున్న పిల్లవాడి పేపర్లో చూసి ఎక్కించిన లెక్క అని అర్థం. దిద్దేవాళ్లందరికీ అదే అనుమానం, నాకు ఇంకొంచెం ఎక్కువ.

మెట్లు ఎడమ పేజీల్లో ఉన్నాయి. వర్గాల మొత్తాలు, సవరణలు, ఒకదాని కింద ఒకటి. వాటికి ప్రశ్న సంఖ్య లేదు, మార్జిన్ లేదు. చూసిన వెంటనే రఫ్ వర్క్ అనిపిస్తుంది. మన పిల్లలు రఫ్ వర్క్ ఎక్కడ పడితే అక్కడ చేస్తారు, కొట్టెయ్యరు. అలవాటైన కన్ను దాన్ని దాటేసి పోతుంది. నా కన్ను కూడా దాటేసి పోయింది. ఆ ఎడమ పేజీల్లో ఒక్కదాని కిందా నా చుక్క లేదు. నేను చూడలేదని నా చేతే సాక్ష్యం రాసిపెట్టింది.

ఎందుకు ఇట్లా రాశావని అడిగాను. వాళ్ల బళ్లో లెక్కల సారు అట్లాగే నేర్పించాడట. ఎడమ చెయ్యి పని చేస్తుంది, కుడి చెయ్యి చెబుతుంది అనేవాడట. పెద్ద లెక్కకు పని అంతా ఎడమ పేజీలో, చెప్పదలచుకున్నది కుడి పేజీలో. రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి చూసేవాడికి పేజీ తిప్పే శ్రమ ఉండదు. ఆలోచిస్తే మన పద్ధతి కంటే అదే మేలు. మొదటి సెమిస్టర్లో అంతా సిద్ధాంతమే, ఇంత పెద్ద లెక్కలు రాలేదు, అందుకని అప్పుడు ఇబ్బంది రాలేదు.

దిద్దింది నేనేనని ఆమెకు చెప్పకూడదు. అది నియమం. సలహాదారుగా పునర్మూల్యాంకనం కోసం ఉత్తరం రాయడంలో సాయం చెయ్యాల్సిందీ నేనే. నీకు తోచినట్టు సొంతంగా రాసుకుని రా అన్నాను.

మర్నాడు ఉత్తరం తెచ్చింది. ఇంగ్లీషులో ఒక పేజీ. పరీక్షల నియంత్రణాధికారికి రాసింది. నేను ఇన్నేళ్లలో ఇట్లాంటి ఉత్తరాలు చాలా చూశాను. అన్నింట్లోనూ అమ్మకు ఒంట్లో బాగాలేదు, నాన్నకు అప్పులు, రాత్రింబగళ్లు కష్టపడ్డాను అని ఉంటుంది. ఈమె ఉత్తరంలో స్కాలర్‌షిప్ మాట కూడా లేదు. నా మూడు జవాబుల్లో చేసిన పని ఎడమ పేజీల్లో ఉంది అని పేజీ సంఖ్యలతో సహా రాసింది. తర్వాత ఒక వాక్యం. జవాబు పత్రం అట్ట మీద అచ్చు వేసిన ఏడో సూచన ప్రకారం రఫ్ వర్క్‌ను విద్యార్థి కొట్టివేయాలి, నేను ఆ పేజీలను కొట్టివేయలేదు, కాబట్టి అవి నా జవాబులో భాగం, వాటిని చదవమని కోరుతున్నాను అని.

నేను ఆ అట్టను వేలసార్లు తిప్పి ఉంటాను. దాని మీద సూచనలు ఉంటాయని తెలుసు. ఏడోదేమిటో ఆ రోజే చదివాను. ఆ పిల్ల చెప్పినట్టే ఉంది. మన భాష కాని భాషలో, మన ఊరు కాని ఊర్లో పరీక్ష రాయడానికి వచ్చిన పిల్ల అట్ట మీది అక్షరం కూడా వదలకుండా చదివింది. ఇక్కడే పుట్టి పెరిగిన మనం చదవలేదు. నాకు సిగ్గు వేసింది. ఆ సిగ్గు పక్కనే బోలెడంత గర్వం కూడా వేసింది, ఇది నా విద్యార్థి అని. ఉత్తరంలో ఒక్క అక్షరం కూడా మార్చొద్దని చెప్పి పంపించాను.

అయితే ఆ ఉత్తరం వల్ల లాభం లేదని నాకు తెలుసు. పునర్మూల్యాంకనం అంటే ఏం చేస్తారు? మొదటి మార్కులు కనపడకుండా కాగితం అంటించి, వేరే ఊరి అధ్యాపకుడికి పంపిస్తారు. విద్యార్థి రాసిన ఉత్తరం పేపరుతో పోదు, పోకూడదు కూడా. ఉత్తరం చూస్తే ఎవరిదో తెలిసిపోతుంది. ఆ దిద్దే ఆయన కూడా మన పద్ధతిలో చదువుకున్నవాడే అయి ఉంటాడు. నాలాగే కుడి పేజీ చూసి, మెట్లు ఏవి అనుకుని, నాలుగో అయిదో వేసి కట్ట కట్టేస్తాడు. నేను తప్పు చేశానని కాగితం మీద పెడితే తప్ప ఆ పిల్ల ఎడమ పేజీలు ఎవరూ చదవరు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు అని రాస్తే అబద్ధం అవుతుంది. బాగానే పట్టింది. నా పొగరుకు ఉన్న మంచి గుణం అదొక్కటే, ఏం చెయ్యాలో తెలిశాక నన్ను పీక్కు తినదు. మర్నాడు పొద్దున్నే పరీక్షల విభాగానికి పోయాను.

అక్కడి సూపరింటెండెంట్ చిత్తూరు మనిషి, రిటైర్మెంట్ దగ్గర పడినాయన. కట్టలు, గోతాలు, సీళ్లు అన్నీ ఆయన చేతుల మీదుగా పోతాయి. నా మాట విని, లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చి కూచున్నాడు. ఇన్నేళ్ల సర్వీసులో దిద్దినవాళ్లు వచ్చి నేను సరిగా దిద్దలేదని రాసిచ్చింది తాను చూడలేదన్నాడు. మార్కులు మారినాయంటే దిద్దినవాళ్లకు సంజాయిషీ నోటీసు పోతుందని, దాన్ని కూడా అందరూ పని ఒత్తిడి అని రాసి తప్పించుకుంటారని చెప్పాడు.

"రాతలో ఎందుకు మేడమ్? రెండోసారి దిద్దేటాయనకు నేను నోటి మాటగా చెప్తా, ఎడమ పక్క కూడా సూడప్పా అని. పని అయిపోతాది, మీ పేరూ బయటికి రాదు. కాగితం మింద మీ పేరు పడిందంటే ఇంక మిమ్మల్ని దిద్దేదానికి పిలవరు, సూడండి" అన్నాడు.

ఆయన మంచికే చెప్పాడు. నాకు కోపం వచ్చిన మాట మాత్రం నిజం. దిద్దే ఆయనతో నోటి మాటగా చెప్పడం అంటే సిఫారసు. నా తప్పు దాచుకోవడానికి ఆ పిల్ల న్యాయంగా గెలవాల్సినదాన్ని దొంగదారిన గెలిపించడం. రేపు ఎవరైనా అడిగితే, ఆ నల్లపిల్లకు మేడమ్ మార్కులు వేయించింది అంటారు. ఏడో సూచన చూపించి అడిగిన మనిషికి అంత అవమానం ఇంకోటి లేదు.

"సిఫారసుతో వచ్చే మార్కు ఆ అమ్మాయికి వద్దు, నాకూ వద్దు. రాసే ఇస్తాను. మీరు ముద్ర వేసి తీసుకోండి" అన్నాను.

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని అర్థం చేసుకుని, ఆయన తెల్ల కాగితం ముందుకు తోశాడు.

అక్కడే కూచుని రాశాను. ఫలానా కట్ట దిద్దింది నేను. విద్యార్థి నా దగ్గరకు సలహాకు వచ్చినప్పుడు నకలు చూసి గుర్తుపట్టాను. ఎడమ పేజీలు నేను చదవలేదు. దిద్దినదీ సలహా ఇస్తున్నదీ నేనే కావడం సరికాదు కాబట్టి ఈ విషయంలో సలహాదారు బాధ్యత వేరొకరికి ఇవ్వండి. ఇప్పుడు దిద్దేవాళ్లకు అట్ట మీది ఏడో సూచన గుర్తు చేయండి, ఇది ఈ ఒక్క పేపరుకే కాదు, పునర్మూల్యాంకనానికి వచ్చిన అన్ని పేపర్లకూ చేయండి. కింద సంతకం పెట్టాను. అలవాటు కొద్దీ పేజీ కింద చుక్క కూడా పెట్టాను.

నియంత్రణాధికారి చేసింది చెప్పాలి, ఆయన తక్కువవాడు కాదు. నా ఉత్తరాన్ని పేపరుకు దూరంగా ఫైల్లో పెట్టి, రెండోసారి దిద్దేవాళ్లందరికీ ఒక చీటీ ఇప్పించాడు. రెండు వైపులా చదవాలి, కొట్టివేసినదే రఫ్ వర్క్ అని ఆ చీటీలో ఉంది. ఆ అమ్మాయికి ఫలితం పునర్మూల్యాంకనంలో ఉంది అని ధ్రువపత్రం ఇప్పించాడు. వేరే సలహాదారు దాన్ని జోడించి నివేదిక పంపాడు కాబట్టి వాళ్ల ప్రభుత్వం నెల గడువు ఇచ్చింది. ఆ నెల రోజులూ ఆ పిల్ల నా గది వైపు రాలేదు. నేను రావద్దన్నాను మరి. కారణం చెప్పకుండా వద్దంటే ఏమనుకుందో అని బాధపడ్డాను.

రెండో ఆయన నలభై ఆరు వేశాడు. నా ఇరవై నాలుగుకూ దానికీ తేడా చాలా ఎక్కువ. అంత తేడా ఉంటే మూడో మనిషికి పంపాలని నియమం. మూడో ఆయన నలభై ఎనిమిది వేశాడు. మూడింట్లో దగ్గరగా ఉన్న రెండింటి సగటు తీసుకుంటారు. నలభై ఏడు. ఆ అంకె విన్నప్పుడు నాకు కలిగిన గర్వం నేను సాధించిన ఏ పట్టాకూ కలగలేదు. నా మార్కును పక్కకు విసిరేసి గెలిచిన అంకె అది, అయినా నాదే అనిపించింది.

సూపరింటెండెంట్ చెప్పినట్టే జరిగింది కూడా. తర్వాతి సెమిస్టర్‌కు నన్ను దిద్దడానికి పిలవరాదని ఉత్తర్వు వచ్చింది. ఆ కాగితాన్ని మడిచి పెట్టుకున్నాను. కొందరు జాలిపడ్డారు, కొందరు లోపల నవ్వుకున్నారు. చుక్కల మేడమ్‌కే చుక్క పెట్టారు అని ఒకాయన అన్నాడట. మంచి మాటే, నేనైనా అనేదాన్ని.

మార్కుల పత్రం చేతికి వచ్చిన రోజు ఆ అమ్మాయి వచ్చింది. మెస్సు అక్క చేసిచ్చిన బొరుగుల ఉండలు డబ్బాలో పెట్టుకుని తెచ్చింది. సంతోషమా అని అడిగాను. సంతోషమే మేడమ్ అంది. ఇంకా నిలబడే ఉంది. ఇప్పుడైనా చెబుదామా అనుకున్నాను. నియమం అడ్డం వచ్చింది. నియమం కూడా కాదు, నోరు రాలేదు. ఈలోగా ఆమె సంచిలోంచి కాగితాలు తీసి నా బల్ల మీద పెట్టింది. అదే జవాబు పత్రం నకలు. కానీ నాకు మొదట చూపించింది కాదు, ఇంకో కాపీ.

"ఇది నేను నకలు తీసుకున్న దినమే రాసుకున్నా మేడమ్. మీకు ఇచ్చేదానికి తెచ్చి, ఇవ్వకుండా ఎనక్కి పెట్టుకున్నా" అంది.

మూడు చోట్ల, నేను స్టెప్స్ అని రాసి ప్రశ్నార్థకం పెట్టిన పక్కన, పెన్సిలుతో ఎడమకు బాణం గీసి ఉంది. దాని పక్కన కొత్తగా నేర్చుకున్న తెలుగు అక్షరాలు, గుండ్రంగా, పెద్దపెద్దగా, బడికి పోయే పిల్ల రాసినట్టు.

ఈడ ఉండాయి మేడమ్.

మూడు చోట్లా అదే మాట. మూడోచోట, నేను చదివి ఉంటే చుక్క పెట్టే మూల, ఎడమ పేజీ కింద, పెన్సిలుతో చిన్న సున్నా చుట్టి ఖాళీగా వదిలేసింది.

క్లాసు పరీక్షల్లో నా చుక్కలు ఏడాదిగా చూస్తున్న పిల్ల. దిద్దింది నేనేనని నకలు అందిన క్షణం నుంచే తెలుసు ఆమెకు. తెలిసే నా దగ్గరికి వచ్చింది. తెలిసే ఉత్తరంలో ఆ మాట రాయలేదు. ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే మీరు భయపడి చేసినట్టు అయితాది మేడమ్. మీరు సూస్తే మీరే చెప్తారని నాకు తెలుసు. చుక్క పెట్టే మనిషి కదా" అంది.

సొరుగులోంచి ఎర్ర పెన్ను తీశాను. దిద్దడానికి నాకు అధికారం లేని సెమిస్టర్ అది. మూడు లెక్కలకూ ఎడమ పేజీలు మొదటి నుంచి చివరి దాకా, ఆమె ఎదురుగా కూచుని చదివాను. ఒక చోట కూడికలో చిన్న పొరపాటు కూడా దొరికింది, చూపించాను, నవ్వింది. తర్వాత ఒక్కొక్క పేజీ కింద చుక్క పెట్టుకుంటూ వచ్చి, చివరిది ఆమె వదిలేసిన సున్నాలో పెట్టాను.